ఏడాదికి 42 పాయింట్లు: ఎవరికి, ఎప్పటి నుంచి?

"పిల్లల లెక్కల స్కోరు ఏడాదికి సగటున 42 పాయింట్ల చొప్పున పెరిగింది." ఒకే పిల్లలకు ఏళ్ల తరబడి పరీక్షలు పెట్టి రాసే నివేదికల్లో ఇలాంటి వాక్యం ఒకటి ఉండి తీరుతుంది. చదవగానే అర్థమైపోయినట్టే ఉంటుంది. కాస్త ఆగి ఆలోచిస్తే మాత్రం ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు వస్తాయి. ఏ నెల నుంచి ఏ నెల దాకా? అందరికీ ఇంచుమించు 42 పెరిగిందా, లేక ఒకరికి 60, ఇంకొకరికి 20 పెరిగితే సగటు అలా తేలిందా? మధ్యలో బడి మారిపోయిన పిల్లలు ఈ సగటులో ఉన్నారా, లేరా?

ఇలాంటి అధ్యయనాల్లో లెక్క కట్టడం కంటే, తేలిన ఫలితాన్ని మాటల్లో పెట్టడమే కష్టం. కంప్యూటర్ ఒక నిమిషంలో పట్టిక ఇచ్చేస్తుంది. ఆ పట్టికలోని ప్రతి అంకె ఏ ప్రశ్నకు జవాబో గుర్తుపట్టి చెప్పాల్సింది మనమే. అక్కడ దొర్లిన తప్పు నివేదికలో నుంచి పత్రికలోకి, పత్రికలో నుంచి విధానంలోకి పాకుతుంది. అందుకే ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఇందులోని అంకెలు వివరించడం కోసం నేను వేసుకున్నవి. ఏ జిల్లాలోనూ కొలిచినవి కావు.

40 ప్రాథమిక పాఠశాలలు, మూడో తరగతిలో చేరిన 1,200 మంది పిల్లలు అనుకోండి. మూడో తరగతి జూలైలో మొదటి పరీక్ష పెట్టాం. ఆ తర్వాత మూడు, నాలుగు, ఐదు తరగతుల చివర, ఏటా ఏప్రిల్‌లో ఒక్కోటి. మొత్తం నాలుగు పరీక్షలు. ఏ తరగతిలో ఎంత వచ్చినా పోల్చుకునేలా, నాలుగింటినీ ఒకే కొలబద్ద మీదికి తెచ్చాం.

ఒక్కో పిల్లవాడి నాలుగు స్కోర్లను కాగితం మీద చుక్కలుగా పెట్టి, వాటి మధ్యగా ఒక గీత గీయండి. గీత ఎక్కడ మొదలైందో అది వాడి ఆరంభ స్థాయి. ఎంత ఏటవాలుగా లేచిందో అది వాడి వేగం. 1,200 మందికి 1,200 గీతలు వస్తాయి. ఒకే బడి పిల్లల గీతలు కొంత ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, ఎందుకంటే వాళ్లకు పంతులుగారు ఒకరే, ఊరూ ఒకటే. మల్టీలెవెల్ గ్రోత్ మోడల్ చేసే పని ఈ గీతల కట్టను వర్ణించడమే. పరీక్షలు పిల్లవాడి లోపల, పిల్లలు బడి లోపల, ఇలా మూడు అంతస్తులు. ఈ అంతస్తులను పట్టించుకోకుండా మామూలు రిగ్రెషన్ చేస్తే, ఒకే పిల్లవాడి నాలుగు స్కోర్లను నలుగురు వేర్వేరు పిల్లలవిగా లెక్కవేసినట్టు అవుతుంది. అప్పుడు మనకు ఉన్న సమాచారం కంటే ఎక్కువ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. చాలా చోట్ల లేని కచ్చితత్వం కనిపిస్తుంది.

ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ మోడల్ ఇంతే:

```
lmer(maths ~ years * mother_school +
       (years | school/child), data = d)
```

`years` అంటే గడిచిన కాలం. `mother_school` అంటే తల్లి కనీసం ఐదో తరగతి చదివిందా లేదా అన్నది. మన 1,200 మందిలో అలాంటి తల్లుల పిల్లలు 400 మంది. కుండలీకరణాల్లో ఉన్న భాగం, ప్రతి పిల్లవాడికీ ప్రతి బడికీ సొంత ఆరంభం, సొంత వేగం ఉండవచ్చని మోడల్‌కు అనుమతి ఇస్తుంది.

రాసేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవలసింది సున్నా ఎక్కడ అన్నది. చాలామంది కాలాన్ని విడతలుగా 0, 1, 2, 3 అని వేసేస్తారు. మన ఉదాహరణలో మొదటి పరీక్షకూ రెండో పరీక్షకూ మధ్య తొమ్మిది నెలలే. ఆ తర్వాత ప్రతిసారీ పన్నెండు నెలలు. కాబట్టి కాలం 0, 0.75, 1.75, 2.75 అవుతుంది. విడతలుగా వేస్తే తొమ్మిది నెలలు ఏడాదిగా మారిపోతాయి. పట్టికలో వచ్చేది "విడతకు ఇంత" అన్న అంకె, మనం రాసేదేమో "ఏడాదికి ఇంత" అని. ఇలా సున్నాను మూడో తరగతి జూలైలో పెడితే ఆరంభ స్థాయి 310 అని వచ్చిందనుకుందాం. ఈ 310 పిల్లలందరి సగటు కాదు. తల్లి ఐదో తరగతి చదవని పిల్లలు, మూడో తరగతి జూలైలో ఉన్న చోటు అది. "సగటు స్కోరు 310" అని రాస్తే అబద్ధమే అవుతుంది, ఎందుకంటే మొత్తం పిల్లల సగటు 318.

సున్నా స్థానం ఇంకా లోతుగా దెబ్బతీసే చోటు ఒకటుంది. పిల్లల ఆరంభానికీ వేగానికీ మధ్య కోరిలేషన్ ఎంతో కూడా మోడల్ చెబుతుంది. మన ఉదాహరణలో ఒకే బడి పిల్లల మధ్య ఆరంభాల స్టాండర్డ్ డీవియేషన్ 45, వేగాలది 9, రెండింటి మధ్య కోరిలేషన్ మైనస్ 0.30 అనుకుందాం. వెంటనే చేతికి తగిలే వాక్యం ఇది: "వెనకబడి ఉన్న పిల్లలే వేగంగా పుంజుకుంటున్నారు." వినడానికి బాగుంది, శీర్షికకూ పనికొస్తుంది. ఇప్పుడు అదే డేటా, అదే మోడల్ తీసుకుని, సున్నాను ఐదో తరగతి ఏప్రిల్‌కు జరపండి. ఒక్క పిల్లవాడి గీత కూడా కదలదు. కోరిలేషన్ మాత్రం ప్లస్ 0.25కు మారిపోతుంది. ఇప్పుడు అదే పట్టిక చూసి "ముందున్న పిల్లలే వేగంగా పోతున్నారు" అని ఇంకొకరు రాయగలరు.

రెండూ ఎలా నిజమవుతాయి? గీతలు కాగితం మధ్యలో ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి. ఎడమ అంచు దగ్గర నిలబడి చూస్తే నిటారుగా లేచే గీతలు కాస్త కింద కనిపిస్తాయి. కుడి అంచుకు చేరేసరికి, వేగంగా లేచినవి కాబట్టే, అవి కాస్త పైన ఉంటాయి. కోరిలేషన్ మనం నిలబడిన చోటు నుంచి కనిపించే దృశ్యం. అందుకని అది ఏ నెలలో కొలిచినదో చెప్పకుండా రాయకూడదు. నన్నడిగితే "మూడో తరగతి ఆరంభంలో తక్కువ స్కోరు ఉన్న పిల్లల వేగం ఆ తర్వాత కొద్దిగా ఎక్కువ" అన్నంతవరకే ఆగాలి. పిల్లల మధ్య అంతరం తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఆరంభంలోనూ చివరలోనూ ఉన్న వెడల్పును పోల్చితే దొరుకుతుంది. మన ఉదాహరణలో జూలైలో 45 ఉన్న డీవియేషన్ ఐదో తరగతి చివర 44. అంటే అంతరం దాదాపు ఉన్నచోటే ఉంది. మైనస్ 0.30 చూసి "పుంజుకుంటున్నారు" అనేసిన వాక్యానికి ఇక్కడ ఆధారం పోయింది.

ఇక 42 సంగతి. తల్లి చదవని పిల్లలకు ఏడాదికి 42, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 40 నుంచి 44 అని వచ్చిందనుకోండి. నివేదికల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇక్కడే జరుగుతుంది. "ఎక్కువ మంది పిల్లలు ఏడాదికి 40 నుంచి 44 పాయింట్లు పెరిగారు" అని రాసేస్తారు. 40–44 అన్నది సగటు మీద మనకున్న అనిశ్చితి, పిల్లల మధ్య తేడా కాదు. ఇంకో వెయ్యి మంది పిల్లల్ని చేర్చుకుంటే ఆ అంతరం సన్నబడుతుంది. పిల్లల మధ్య తేడా మాత్రం ఎంతమందిని చేర్చినా తగ్గదు.

పిల్లల మధ్య తేడా చెప్పాలంటే వేగాల డీవియేషన్ చూడాలి. ఒకే బడిలో పిల్లల మధ్య 9, బడుల మధ్య 5 అనుకుందాం. ఈ రెండింటినీ వర్గం చేసి కలిపి, వర్గమూలం తీస్తే సుమారు 10. దానికి అటూ ఇటూ రెండింతలు వేస్తే, 95 శాతం పిల్లల వేగం ఏడాదికి సుమారు 22 నుంచి 62 మధ్య ఉంటుందని మోడల్ అంచనా. 40–44 ఎక్కడ, 22–62 ఎక్కడ! తరగతి గదిలో నిలబడ్డ టీచర్‌కు కనిపించేది ఈ రెండోదే. 22 వేగంతో నడిచే పిల్లవాడికి ఐదో తరగతి అయ్యేసరికి 60 పాయింట్లు కలుస్తాయి, 62 వేగంతో నడిచేవాడికి 170. ఈ వెడల్పు రాయని నివేదిక సగటు పిల్లవాడి గురించి మాత్రమే మాట్లాడినట్టు, వాడేమో ఏ బెంచీ మీదా కూర్చోడు.

ఒక్కోసారి ఈ వెడల్పును అంచనా వేయడానికి డేటా చాలదు. బడులు తక్కువైనప్పుడు బడుల మధ్య వేగాల తేడా సున్నా అని వచ్చి, తెర మీద `boundary (singular) fit: see help('isSingular')` అన్న హెచ్చరిక పడుతుంది. దాన్ని దాచిపెట్టి, "బడుల మధ్య తేడా లేదు" అని రాయకూడదు. తేడాను విడదీసి చూపేంత సమాచారం ఈ బడుల నుంచి దొరకలేదని, అందుకే ఆ భాగాన్ని తీసేసి మళ్లీ అంచనా వేశామని రాయాలి.

తర్వాతది రెండు గుంపుల పోలిక. `mother_school` పక్కన 24, `years:mother_school` పక్కన 3 అని వచ్చాయనుకోండి. 24ను చూసి "తల్లి చదివిన పిల్లలు వేగంగా నేర్చుకుంటున్నారు" అని రాయడం మామూలు. కానీ 24కు వేగంతో సంబంధమే లేదు. మూడో తరగతి జూలైలో, మనం మొదటిసారి చూసిన రోజున, అప్పటికే ఉన్న తేడా అది. వేగంలో తేడా 3 మాత్రమే, ఇంటర్వల్ 1.2 నుంచి 4.8. అంటే తల్లి చదివిన పిల్లలకు ఏడాదికి 45, చదవని పిల్లలకు 42. ఐదో తరగతి చివరకు తేడా 24కు 2.75 మూడులు కలిపి 32 అవుతుంది.

ఇంటర్వల్‌లో సున్నా లేదు కాబట్టి నివేదికల పట్టికల్లో ఈ 3 పక్కన నక్షత్రాలు వేస్తుంటారు. ఆ నక్షత్రాలను చూసి "అంతరం గణనీయంగా పెరుగుతోంది" అంటే చదివేవాళ్లకు అగాధం కనిపిస్తుంది. కొంచెం ఓపిక పట్టి నెలల్లోకి మార్చి చూడండి. ఏడాదికి 42 అంటే నెలకు 3.5. ఆ లెక్కన మొదటి రోజున ఉన్న 24 పాయింట్ల తేడా దాదాపు ఏడు నెలల చదువు. ఆ తర్వాత రెండేళ్ల తొమ్మిది నెలల్లో దానికి చేరినది 8 పాయింట్ల పైచిలుకు, అంటే రెండున్నర నెలలకు కొంచెం తక్కువ. తేడాలో పెద్ద భాగం పిల్లలు మూడో తరగతి గడప తొక్కకముందే ఏర్పడింది. రాయాల్సిన విషయం అదే. అయినా ఇది తల్లి చదువు వల్లే అని చెప్పడానికి ఈ మోడల్‌కు అధికారం లేదు. తల్లి చదువుతో పాటు ఇంటి ఆదాయం, ఊరు, అంగన్‌వాడీ కూడా మారుతుంటాయి.

అంతరం పెరిగిందన్న మాట ఎంత సున్నితమో చెప్పే నిజమైన కథ అమెరికాలో ఉంది. 1998–99లో కిండర్‌గార్టెన్‌లో చేరిన సుమారు ఇరవై వేల మంది పిల్లల్ని అక్కడి ప్రభుత్వం ఎనిమిదో తరగతి దాకా అనుసరించింది. దాన్ని ఇసిఎల్‌ఎస్-కె అంటారు. కిండర్‌గార్టెన్ మొదట్లో, చివర్లో పరీక్షలు పెట్టారు. ఒకటో తరగతి చివర్లో అందరికీ, మొదట్లో మాత్రం కొంతమందికి పెట్టారు. దాంతో బడి నడిచే నెలల్లో ఎంత నేర్చుకున్నారు, వేసవి సెలవుల్లో ఎంత అన్నది విడదీసే వీలు దొరికింది. పరీక్షలు సరిగ్గా బడి తెరిచిన రోజునో మూసిన రోజునో జరగలేదు కాబట్టి, 2004లో డౌనీ, వాన్ హిప్పెల్, బ్రో అనే పరిశోధకులు ప్రతి పరీక్ష తేదీ నాటికి ఆ బిడ్డకు ఎన్ని నెలల బడి, ఎన్ని నెలల సెలవు గడిచాయో లెక్కగట్టి, పరీక్ష, బిడ్డ, బడి అనే మూడంతస్తుల మోడల్ వేశారు. పిల్లల మధ్య అసమానత సెలవుల్లోనే ఎక్కువ వేగంగా పెరుగుతోందని, బడి దాన్ని అదుపు చేస్తోందని రాశారు. ఆ మాట చాలా దూరం వెళ్లింది.

తర్వాత తేలినదేమంటే, ఆ స్కోర్లు "పరీక్షలోని మొత్తం ప్రశ్నల్లో ఈ బిడ్డ ఎన్నింటికి సరిగ్గా జవాబు చెప్పగలదు" అన్న అంచనా మీద నడిచేవి. అలాంటి కొలబద్ద మీద గుర్తుల మధ్య దూరం సమానంగా ఉండదు. ప్రశ్నలు ఎక్కువగా ఉన్న కష్టస్థాయిని దాటుతున్న బిడ్డ స్కోరు గబగబా లేస్తుంది, ప్రశ్నలు పల్చగా ఉన్నచోట ఉన్న బిడ్డది నెమ్మదిగా కదులుతుంది. ఇద్దరూ సమానంగానే నేర్చుకుంటున్నా గీతలు విడిపోతున్నట్టు కనిపిస్తాయి. 2018లో వాన్ హిప్పెల్, వర్క్‌మన్, డౌనీ మెరుగైన కొలబద్దతో, 2010–11లో చేరిన కొత్త పిల్లల మీద కూడా మళ్లీ లెక్క కట్టారు. అసమానతలో ఎక్కువ భాగం కిండర్‌గార్టెన్‌కు ముందే ఏర్పడుతోందని తేలింది. ఇది పాత ఫలితానికి పాక్షికమైన దిద్దుబాటు అని వ్యాసం శీర్షికలోనే పెట్టారు. తమ మాటను తామే దిద్దుకున్న ఆ పని నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

మన బడులకు ఇది నేరుగా వర్తిస్తుంది. జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూసే క్యాలెండర్ మనది. మన ఉదాహరణలో మొదటి తొమ్మిది నెలల్లో వేసవి సెలవు లేదు, తర్వాతి రెండు వ్యవధుల్లోనూ ఉంది. సెలవుల్లో చదువు ఆగిపోతే, మూడో తరగతి ఏప్రిల్ నాటి అసలు సగటు మోడల్ గీతకు పైన నిలబడుతుంది. నాలుగు అసలు సగటులనూ గీత పక్కనే పెట్టి బొమ్మ గీస్తే అది కంటికి కనిపిస్తుంది. ఆ బొమ్మ నివేదికలో ఉండాలి. కొలబద్దను ఎలా తయారు చేశారో కూడా రెండు వాక్యాల్లో ఉండాలి: తరగతుల మధ్య కొన్ని ప్రశ్నలు ఉమ్మడిగా ఉన్నాయా, స్కోరు సరైన జవాబుల సంఖ్యా లేక ప్రశ్నల కష్టాన్ని లెక్కలోకి తీసుకున్న సామర్థ్యపు అంచనానా అన్నది.

చివరి ప్రశ్న, వెళ్లిపోయిన పిల్లలు. 1,200 మందిలో ఆఖరి పరీక్ష రాసినవాళ్లు 930 మందే అనుకుందాం. మిగిలిన 270 మందిలో కొందరు ప్రైవేటు బడికి మారి ఉంటారు, కొందరు తల్లిదండ్రులతో వలస వెళ్లి ఉంటారు. పాత పద్ధతుల్లో ఒక్క పరీక్ష తప్పినా ఆ పిల్లవాణ్ణి మొత్తంగా తీసేసేవారు. ఈ మోడల్ ఉన్న స్కోర్లన్నింటినీ వాడుకుంటుంది. ఒక్కసారే పరీక్ష రాసిన బిడ్డ కూడా లెక్కలో ఉంటుంది. అయితే దీని వెనక ఒక నమ్మకం ఉంది. బిడ్డ ఎందుకు వెళ్లిపోయిందన్నది మన దగ్గరున్న పాత స్కోర్లు, వివరాల ద్వారా పూర్తిగా అర్థమవుతుందన్న నమ్మకం అది. జూలైలో ఉండిపోయినవాళ్ల సగటు 324, వెళ్లిపోయినవాళ్లది 298 అయితే, ఆ తేడాను మోడల్ చాలావరకు సర్దుకోగలదు, ఎందుకంటే 298 దానికి తెలుసు. ఇటుక బట్టీల పనికి కుటుంబంతో వెళ్లి, ఆ తర్వాత చదువు ఆగిపోయిన బిడ్డ గీత పడిపోయిన సంగతి మాత్రం దానికి తెలిసే దారి లేదు.

ఇవన్నీ చేరితే మన ఉదాహరణ ఫలితం అచ్చులో ఇలా ఉండాలి:

"తల్లి ఐదో తరగతి చదవని పిల్లల అంచనా స్కోరు మూడో తరగతి జూలైలో 310. అక్కడి నుంచి ఐదో తరగతి ఏప్రిల్ దాకా వాళ్లు ఏడాదికి సగటున 42 పాయింట్లు పెరిగారు (95 శాతం ఇంటర్వల్ 40–44). అయితే పిల్లల మధ్య వేగం చాలా తేడాగా ఉంది. 95 శాతం మంది వేగం సుమారు 22 నుంచి 62 మధ్య ఉంటుందని అంచనా. తల్లి చదివిన పిల్లలు ఆరంభంలోనే 24 పాయింట్లు ముందున్నారు. వాళ్ల వేగం ఏడాదికి 3 పాయింట్లు ఎక్కువ (1.2–4.8). దాంతో ఐదో తరగతి చివరకు తేడా 32 అయింది. ఒకే బడి పిల్లల మధ్య వెడల్పు ఆరంభంలో ఎంత ఉందో చివరలోనూ దాదాపు అంతే ఉంది. ఆఖరి పరీక్ష రాయని 270 మంది ఆరంభంలో 26 పాయింట్లు తక్కువలో ఉన్నారు. వాళ్ల తర్వాతి వేగం మాకు కనిపించిన పాత స్కోర్ల మీద వేసిన అంచనా మాత్రమే."

దీని పక్కన ఇంకో పట్టిక పెట్టాలి. ఆ 270 మందికి, వెళ్లిపోయాక ఏడాదికి 10 పాయింట్లు తక్కువ వేగం ఉందనుకుని ఒకసారి, 20 తక్కువ అనుకుని మరొకసారి లెక్క కడితే 42 ఎంతకు దిగుతుందో, 3 పాయింట్ల తేడా నిలుస్తుందో లేదో అందులో చూపాలి.